స్పానిష్‌లో బేబీ రాసిన ఒక్క పేజీ

నలభై ఎనిమిదేళ్ళ మనిషిని బేబీ అని పిలవడానికి కొత్తవాళ్ళకు నోరు రాదు. మిస్సిసాగాలో ఆమె పనిచేసే అనువాదాల ఆఫీసులో ఎవరు కొత్తగా చేరినా ముందు అదేదో ముద్దుపేరనుకుంటారు. అసలు పేరేమిటని మొహమాటపడుతూ అడుగుతారు. అసలు పేరూ అదే, పాస్‌పోర్టులో పేరూ అదే. కళ్యాణదుర్గం దగ్గర ఒక మెట్ట ఊళ్ళో కుళ్ళాయప్ప అనే రైతుకు లేకలేక ఆడపిల్ల పుడితే, బడిలో చేర్చేరోజున అయ్యవారు పేరడిగితే, ఆయన ఇంట్లో పిలిచే పేరే చెప్పేశాడు. అంతే, ఖాయమైపోయింది. ఆ విషయంలో బేబీకి ఇప్పటికీ తండ్రి మీద చిన్న కోపం ఉంది.

అనంతపురం జిల్లా మనిషికి స్పానిష్ ఎట్లా వచ్చిందని మీరు అడగక ముందే చెప్పేస్తాను. స్పెయిన్ దాతల సాయంతో పిల్లల్ని చదివించే ఒక సంస్థ అక్కడ ఉండేది. ఒక్కో పిల్లకు స్పెయిన్‌లో ఒక్కో దాత. ఆడవాళ్ళయితే మద్రీనా అంటారు, అంటే ధర్మతల్లి అనుకోండి. బేబీ మద్రీనా పేరు రెమేదియోస్. తెరుయేల్ అనే కొండ ఊళ్ళో బట్టలు కుట్టుకునే మనిషి. పిల్లలు తెలుగులో ఉత్తరం రాస్తే, ఆఫీసులో వాళ్ళు దాన్ని స్పానిష్‌లోకి మార్చి పంపేవారు. బేబీ పెద్దదయ్యాక తనే ఆ భాష నేర్చుకుని అదే బల్ల దగ్గర కూర్చుంది. ఏళ్ళ తరబడి చిన్నపిల్లల ఉత్తరాలను స్పానిష్ చేసింది. ఆ తర్వాత నల్లగొండ మనిషి నర్సింహను పెళ్ళి చేసుకోవడం, కెనడా రావడం, కూతురు ధాత్రి పుట్టడం, అన్నీ జరిగాయి. రెమేదియోస్‌ను మాత్రం బేబీ ఒక్కసారి కూడా కలవలేదు.

ఆమెకు తొంభై నిండుతున్నాయని మార్చిలో ఆమె కూతురు పిలార్ నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మకు చూపు పూర్తిగా పోయింది, పుట్టినరోజున ఆమె ఎరిగినవాళ్ళందరి దగ్గరా ఒక్కో పేజీ రాయించి, చదివి వినిపించాలనుకుంటున్నాం, నువ్వూ రాయి, ఒక్క పేజీ చాలు, వచ్చే ఆదివారంలోగా పంపు, అని. బేబీ ఆ మెసేజ్ చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయింది. చూపులేని తొంభయ్యేళ్ళ మనిషి ఆ పేజీ వింటే ఒక్కసారే వింటుంది. తను చదివించిన పిల్ల ఎవరో, ఎట్లాంటిదో ఆమెకు తెలియాలంటే ఇదొక్కటే అవకాశం. ఇది చెడగొట్టుకుంటే మళ్ళీ దొరకదు.

ఒక్క ఊపులో రాసేసింది. రాసి మురిసిపోయింది కూడా. బుధవారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, ఆ కాగితం రెండూ పట్టుకుని గ్రసియేలా దగ్గరికి వెళ్ళింది.

గ్రసియేలాది ఉరుగ్వే. ఆఫీసులో స్పానిష్‌కు ఆఖరి మాట ఆమెదే. లాటిన్ అమెరికా దేశాలకు వెళ్ళే మందులపెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాలు ఉంటాయి చూడండి, వాటిని స్పానిష్‌లో సరిచూడటం వీళ్ళిద్దరి పని. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కాగితం మీద వేలుపెట్టి వినాలి. కన్ను జారవిడిచినది చెవి పట్టుకుంటుందని గ్రసియేలా నమ్మకం. ఈ పద్ధతిలో పదకొండేళ్ళుగా చేస్తున్నారు. గ్రసియేలా మనిషి మంచిదే కానీ, నోటికి గుడ్డ కట్టుకోవడం తెలియదు.

"నేను చదవను. నువ్వే చదువు, నేను వింటాను," అంది గ్రసియేలా, సూప్‌లో చెంచా తిప్పుతూ.

బేబీ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మా నాన్న సిలెన్సియోసామెంతే పనిచేసేవాడు, అంటే నిశ్శబ్దంగా. గ్రసియేలా చెంచాతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టింది. మేము ఉమిల్దెమెంతే బతికాం, అణకువగా. టంగ్. కానీ ఫెలిస్‌మెంతే, సంతోషంగా. టంగ్. నేను దియారియామెంతే, ప్రతిరోజూ, అతెంతామెంతే, శ్రద్ధగా చదివేదాన్ని. టంగ్ టంగ్. మీ ఉత్తరం పుంతువాల్‌మెంతే వచ్చేది, సమయానికి. ఇక చెంచా ఆగలేదు. పక్క బల్ల మీద శాండ్‌విచ్ తింటున్న కుర్రాడు తలతిప్పి చూశాడు. బేబీ మొహం కందగడ్డయింది.

"ఏమిటా గుడిగంటలు?" అంది ఉక్రోషంగా.

"గంటలు నావి కావు తల్లీ, నీవే. నేను లెక్క చూపించానంతే," అంది గ్రసియేలా. "నువ్వేనా ఇది రాసింది? మందుల కాగితంలో 'మెల్లగా, సమంగా ఎక్కించాలి' అని వస్తే ఏం చేస్తావు?"

అది బేబీకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. లెంతామెంతే ఇ ఉనిఫోర్మెమెంతే అని రెండు మెంతేలు రాయరు. లెంతా ఇ ఉనిఫోర్మెమెంతే అంటారు. మొదటిదానికి తోక కోసేసి, చివరిదానికి ఉంచుతారు. రోజూ ఇతరుల కాగితాల్లో ఎర్రకలంతో దిద్దే పనే ఇది. వెంటనే అన్నదానికి ఇన్‌మెదియాతామెంతే బదులు దే ఇన్‌మెదియాతో చాలని చిన్నవాళ్ళకు పాఠం చెప్పేది కూడా తనే. తన పేజీకి వచ్చేసరికి చెవులు ఎక్కడికి పోయాయో అర్థంకాలేదు.

"ఆ తోక ఒకప్పుడు విడి మాట. మనసు అని అర్థం," అంది గ్రసియేలా, ఈసారి చెంచా కిందపెట్టి. "లెంతా మెంతే అంటే నెమ్మదైన మనసుతో అని. మనసన్నది మా భాషలో ఆడమాట, అందుకే దాని ముందు మాట కూడా ఆడరూపంలో ఉంటుంది. రెండు మాటలకు ఒక్క మనసు చాలు. నువ్వు పేజీనిండా మనసులు పోశావు, ఒక్కటీ కనబడలేదు నాకు. పైగా అదంతా బరువైన మాట, ఒక్కోదానికి రెండేసి చోట్ల ఊనిక పడుతుంది. వరుసగా వస్తే మెట్లమీద పీపా దొర్లినట్టుంటుంది."

అంత మాట అనేసి మళ్ళీ సూప్ తాగింది. బేబీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం ఎవరిమీదో తెలియలేదు.

బస్సులో ఇంటికి వస్తూ ఆలోచిస్తే తెలిసొచ్చింది. తన చెవి పాడవలేదు, అది తెలుగు చెవి. శ్రద్ధగా, సంతోషంగా, ప్రశాంతంగా, నెమ్మదిగా అని ఒకే వాక్యంలో నాలుగు గా లు పడినా తెలుగులో ఎవరికీ చెవి గుచ్చుకోదు. ఆ గా అంత తేలికైనది, గాలిలా పోతుంది. అనంతపురంలో స్పానిష్ మొదలుపెట్టిన రోజుల్లో మెంతే అంటే మన గా నే అని ఎవరో చెప్పగానే క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. ఏ మాటకైనా తగిలించేయడమే! బాగా అనడానికి బువేనామెంతే అని రాసి, బియెన్ అనే చిన్న మాట ఉందని తిట్లు తిన్నది బేబీయే. తర్వాత ఎన్ని నేర్చుకున్నా, తన సంగతి తను రాయబోతే లోపల కదిలింది తెలుగు ఉత్తరమే. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను, నేను శ్రద్ధగా చదువుకుంటున్నాను. ఎన్ని వందల పిల్లల తరఫున ఆ వాక్యాన్ని స్పానిష్ చేసిందో!

ఆ సాయంత్రం కూర్చుని మొత్తం దిద్దేసింది. పని తెలిసిన మనిషి కదా, చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? దియారియామెంతేను కాదా దీయా చేసింది, ప్రతిరోజూ అని. శ్రద్ధగాను కోన్ అతెన్సియోన్ చేసింది, శ్రద్ధతో అని. అణకువగా కాస్తా కోన్ ఉమిల్దాద్ అయింది. సంతోషంగా కోన్ అలెగ్రియా అయింది. నిశ్శబ్దంగా అన్నదాన్ని దే మనేరా సిలెన్సియోసా, నిశ్శబ్దమైన పద్ధతిలో, అని మార్చింది. నిజంగా, ఎంతగానో లాంటివి ఉత్తవే కనుక కొట్టేసింది. చివరి సంతకం దగ్గర ఒక్క కరిన్యోసామెంతే మిగిలింది. ప్రేమతో అని. దాన్నీ కొట్టేయాలని కలం ఎత్తి, ఎందుకో వదిలేసింది.

గురువారం గ్రసియేలా అంతా విని, ఈసారి గిన్నె కొట్టలేదు. కానీ మెచ్చుకోనూ లేదు.

"చొక్కా మార్చావు, లోపల మనిషి అతనే," అంది. "మెంతే మెంతే పోయి కోన్ కోన్ అయింది. మీ నాన్న నిశ్శబ్దమైన పద్ధతిలో పనిచేసేవాడా? అదేం పద్ధతమ్మా, ఫ్యాక్టరీయా? తప్పొక్కటీ లేదు. మందుల కాగితమయితే సంతకం పెట్టి పంపేదాన్ని. రెమేదియోస్‌కు పంపేది మందుల కాగితమా?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? మీ నాన్నను నేను చూశానా?"

బేబీ డబ్బా మూత విసురుగా పెట్టేసి వచ్చేసింది. శుక్రవారమంతా గ్రసియేలాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. చిన్నపిల్ల అలక కాకపోతే ఏమిటి, పేరుకు తగ్గ వేషం.

శనివారం మధ్యాహ్నం నర్సింహ ఆమెను కారులో తీసుకుని బయల్దేరాడు. అతను వాన్ అనే పక్క ఊళ్ళో ఒక గోదాములో ట్రక్కులు పంపించే పని చూస్తాడు. శనివారం గంట సేపు పని ఉంది, అది చూసుకుని కూరగాయలు తెచ్చుకుందామన్నాడు. 401 హైవే మీద ఎక్కడో యాక్సిడెంట్, కార్లన్నీ బారులుతీరి ఆగిపోయాయి. బేబీ ఒళ్ళో కాగితం పెట్టుకుని కూర్చుంది.

"నాలుగు రోజులాయె, గా కాయితం పట్టుకుని గట్లనే సూస్తున్నవ్. ఏందంట లొల్లి?" అన్నాడు నర్సింహ.

బేబీ చెప్పింది. అతను సగం విని పకపకా నవ్వాడు.

"మెంతే అంటే మెంతులా ఏంది? పోపుల నాలుగు గింజలు ఏస్తరు గానీ, గుప్పెడు పోస్తే చేదే గద! ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?"

"మీకు నవ్వులాటగా ఉంది. నేను రేపు పంపల్ల."

"సరె సరె. తెలుగుల చెప్పు, నేను గూడ వింట."

బేబీ మొదటి వాక్యం తెలుగు చేసి చెప్పింది. మా నాన్న నిశ్శబ్దంగా పనిచేసేవాడు, నిశ్శబ్దంగా బాధపడేవాడు.

నర్సింహ ముందున్న ట్రక్కు వెనకభాగం చూస్తూ కూర్చున్నాడు. అత్తారింటికి కొత్తగా వెళ్ళేనాటికే మామగారు పోయారు. ఆయన్ని ఫొటోలో తప్ప చూడలేదు.

"నిశ్శబ్దంగా బాధపడుడంటే ఏం చేసేటోడు?" అని అడిగాడు.

"అంటే... మాట్లాడేవాడు కాదు."

"మాట్లాడకుంటె మంచిదే. మరి ఏం చేసేటోడు? ఊకె కూసునేటోడా? పండుకునేటోడా?"

అతనికి స్పానిష్‌లో ఒక్క ముక్క రాదు. మెంతే సంగతి అతనికి అక్కరలేదు. మామగారు ఏం చేసేవారో తెలుసుకోవాలని నిజంగానే అడిగాడు. బేబీ ఒళ్ళోని కాగితం మడిచి పక్కన పెట్టింది.

"మా చేన్లో బోరు ఎండిపోయింది కదా. సాయంత్రం నన్ను ఎంటేసుకుని ఆడికి పోయేవాడు. చిన్న గులకరాయి తీసుకుని ఆ పైపులోకి వదిలేవాడు. వదిలి, చెవి ఆనించి వినేవాడు. నన్ను కూడా వినమనేవాడు."

"ఏం ఇనబడేది?"

"రాయి పైపుకు తగులుకుంటా పోయే చప్పుడు. అంతే. నీళ్ళలో పడిన చప్పుడు ఎప్పుడూ రాలేదు. మళ్ళా రోజు మళ్ళా పోయేవాడు." "ఇంటికొచ్చి అమ్మతో ఏమీ అనేవాడు కాదు."

"గది రాయకపోతివి మరి!" అన్నాడు నర్సింహ. ముందు ట్రక్కు కదిలింది. అతను గేరు మార్చాడు.

బేబీ కిటికీవైపు తిరిగి ఏడ్చింది. ముప్పైయేడు ఏళ్ళుగా ఆ రాయి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. పదకొండేళ్ళ వయసులో రెమేదియోస్‌కు రాసిన ఉత్తరంలో ఏమని రాసింది? నాన్న బాగున్నారు, పంటలు బాగున్నాయి. దాతకు దుఃఖం రాయకూడదని ఎవరూ చెప్పలేదు, తనకే సిగ్గు. అన్నం పెట్టే మనిషికి ఆకలి సంగతి చెబితే ఇంకా అడుగుతున్నట్టుంటుందని. నిశ్శబ్దంగా అనే మాట ఆ సిగ్గు మీద కప్పిన దుప్పటి. సంతోషంగా అన్నదీ అంతే.

ఆ సాయంత్రం మళ్ళీ రాసింది. ఈసారి ఏ మాటకు ఏ మాట బదులు అని వెతకలేదు. ఒక్కో మెంతే దగ్గరా ఆగి, అప్పుడు ఏం జరిగిందని తనను తాను అడిగింది. నర్సింహలా అడిగింది, మొండిగా. నాన్న ఎండిన బోరులోకి గులకరాయి వదిలేవాడు, ఇ ఎస్కుచాబా, వినేవాడు. ఆ వాక్యానికి తోక ఏదీ అక్కర్లేకపోయింది. ఉత్తరం ఆత్రంగా చదివేదాన్ని అని ఉన్నచోట, తెరిచేముందు కవరును వాసన చూసేదాన్ని, మీ ఇంటి సబ్బు వాసన వచ్చేది, అని రాసింది. అమ్మ మృదువుగా మాట్లాడేది అన్నచోట గుసగుసలాడేది అనే ఒక్క క్రియ చాలింది, సుసుర్రాబా. శ్రద్ధగా చదివేదాన్ని అన్నది మాత్రం ఊరికే అతెంతా అని మార్చి వదిలేసింది. గా లేని ఉత్త విశేషణం, శ్రద్ధగల పిల్ల అని చెప్పినట్టు. మీరు పంపిన మంచు ఫొటో చూసి అది ఉప్పు అనుకున్నాను, ఇప్పుడు ప్రతి చలికాలం మా వాకిట్లో దాన్ని పారతో ఎత్తిపోస్తున్నాను, అని రాసి తనే నవ్వుకుంది. ధాత్రి వచ్చి, "వాట్స్ ఫన్నీ, అమ్మా?" అని అడిగితే చెప్పింది. ఆ పిల్లకూ నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున్నే అలక మానేసి గ్రసియేలాకు ఫోన్ చేసి చదివి వినిపించింది. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు.

"ఉన్నావా?"

"ఉన్నాను," అంది గ్రసియేలా ముక్కు చీదుకుంటూ. "గంట కొట్టడానికి చెంచా కోసం చూశాను, దొరకలేదులే. చివర్లో ఒకటి ఉంది. కరిన్యోసామెంతే."

"అది తీసెయ్యను. ఏం చెప్పినా తీసెయ్యను."

"తియ్యమని ఎవరన్నారు? పేజీకి ఒకటుంటే అది మాటే. దాని చుట్టూ గోల లేదు కనుక ఇప్పుడు వినబడుతుంది. పంపించు."

పుట్టినరోజు ఆ తర్వాతి ఆదివారం. తెరుయేల్‌లో భోజనాల వేళ, మిస్సిసాగాలో ఇంకా పొద్దున. బేబీ పట్టుచీర కట్టుకుని వంటింటి బల్ల దగ్గర ఫోన్ ముందు కూర్చుంది. చూపులేని మనిషికి చీరెందుకని నర్సింహ అన్నాడు కానీ ఆమె వినలేదు. తెరమీద పిలార్ చుట్టూ బంధువులు, మధ్యలో కుర్చీలో చిన్నగా ముడుచుకుని రెమేదియోస్. ఒక్కొక్కరి పేజీ చదివినప్పుడల్లా ఆమె తలూపి గ్రాసియాస్ అంటోంది. కొన్నింటికి కునుకు కూడా తీసింది. తన పేజీ వచ్చేసరికి పూర్తిగా నిద్రపోతే?

మనవరాలు చదవడం మొదలుపెట్టింది. బోరు దగ్గరికి వచ్చేసరికి రెమేదియోస్ తల పైకెత్తింది. గులకరాయి దగ్గర ఆమె చెయ్యి కుర్చీ చేతిమీద ఆగిపోయింది. సబ్బు వాసన దగ్గర నవ్వింది. మంచు దగ్గర అందరూ నవ్వారు. చివరి మాట మనవరాలు ఇంకా పూర్తిగా అనకముందే ముసలామె తనూ కలిసి అనేసింది. కరిన్యోసామెంతే, మీ బేబీ. బేబీ చిన్నప్పటినుంచీ ఆమెకు వెళ్ళిన ప్రతి ఉత్తరమూ ఆ మాటతోనే ముగిసేది. అది బేబీ మరిచిపోయింది. ఆమె మరిచిపోలేదు.

చప్పట్లు కొట్టారు. పిలార్ తరువాతి కాగితం అందుకోబోయింది. రెమేదియోస్ చెయ్యెత్తి ఆపింది.

"ఆ పిల్ల ఉందా అక్కడ?"

"ఉన్నాను మద్రీనా," అంది బేబీ.

"నీళ్ళు వినబడ్డాయా?"

ఎవరికీ అర్థంకాలేదు. బేబీకి అర్థమైంది.

"లేదు మద్రీనా. ఒక్కరోజు కూడా వినబడలేదు."

ముసలామె తల అడ్డంగా ఊపింది.

"పంటలు బాగున్నాయని రాశావు నాకు. ప్రతి ఏడూ రాశావు."

"అవును. సిగ్గేసేది."

"నేనూ అట్లాగే రాశాను నీకు. మా ఆయన చనిపోయిన ఏడు కూడా బాగున్నామనే రాశాను." రెమేదియోస్ చేత్తో గాలిలో వెతికి, పిలార్ పట్టుకున్న ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది. తెరనిండా ఆమె ముడతల చెవి ఒక్కటే కనబడింది. "మీ నాన్న సంగతి చెప్పు. దెస్పాసియో, మెల్లగా చెప్పు. కేకు ఎక్కడికీ పోదు."

బేబీ కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది. చేతిలో కాగితం లేదు.